డిశ్చార్జి కాగితంలో కర్త లేని వాక్యం

ప్రశ్న: మాది గుంటూరు. మా నాన్నగారికి 74 ఏళ్ళు. మిర్చి యార్డులో గుమాస్తాగా చేసి ఆరేళ్ళ కిందట మానేశారు. షుగరు, బీపీ ఉన్నాయి. జూలై 4న జ్వరం, దగ్గు మొదలయ్యాయి. 7న విజయవాడలో ఒక ఆసుపత్రిలో చేర్చాం, కుడి ఊపిరితిత్తి కింది భాగంలో నిమోనియా అన్నారు. 14న డిశ్చార్జి చేశారు. కాగితం చివర ‘రిపీట్ చెస్ట్ ఎక్స్‌రే ఆఫ్టర్ 6 వీక్స్, న్యూమోకాకల్ అండ్ ఫ్లూ వ్యాక్సిన్స్ అడ్వైజ్డ్’ అని ఉంది. ఇప్పుడు జ్వరం లేదు, అన్నం తింటున్నారు, నీరసం, కొంచెం దగ్గు ఉన్నాయి. మా బావగారు కంగారుపడటంతో 24ననే ఎక్స్‌రే తీయిస్తే మచ్చ ఇంకా పోలేదన్నారు. మా వీధి డాక్టరు గారు లివోఫ్లాక్సాసిన్ 750 అనే యాంటీబయాటిక్ ఏడు రోజులకు రాశారు. ఇంకా మొదలుపెట్టలేదు. వాడాలా? ఆరు వారాలకు మళ్ళీ ఎక్స్‌రే దేనికి? నిమోనియా వచ్చి తగ్గినవారికి టీకా ఎందుకు? మందుల షాపులో రెండు రకాలున్నాయంటున్నారు, ఏది వేయించాలి?

సమాధానం: మొదలుపెట్టకుండా ఆగడం మంచిదయింది. ముందు ఆ మాత్రల సంగతే చూద్దాం, మిగిలినవాటికి కొంత వ్యవధి ఉంది.

24వ తేదీ ఫిల్ములో మచ్చ కనిపించడం ఆశ్చర్యం కాదు, కనిపించకపోతేనే కొంత ఆశ్చర్యం. నిమోనియాలో ఊపిరితిత్తిలోని సన్నని గాలి గదులు చీముతోను, నీటితోను నిండిపోతాయి. మందు పనిచేస్తే సూక్ష్మజీవులు కొద్ది రోజుల్లోనే చస్తాయి, జ్వరం దిగుతుంది, ఆకలి పుడుతుంది. కానీ గదుల్లో మిగిలిన చెత్తను శరీరం తన కణాలతో తనే ఎత్తిపోసుకోవాలి, అది వారాల పని. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది: నీరు తీశాక కూడా ఇళ్ళలో ఒండ్రు మిగిలింది, గోడల మీద వరద చార చాలాకాలం కనిపించింది. ఎక్స్‌రేలో మనకు కనిపించేది ఆ ఒండ్రే కాని, వరద కాదు. డెబ్బై దాటినవారిలో ఈ శుభ్రత మరీ నెమ్మదిగా సాగుతుంది. మూడు వారాలకు ఫిల్ము పూర్తిగా తేటపడేది పదిమందిలో ముగ్గురికో నలుగురికో మాత్రమే, ఆరు వారాలకు సుమారు ఆరుగురికి, పన్నెండు వారాలకు ఎనిమిది మందికి పైగా. మీ నాన్నగారికి జబ్బు మొదలై 24వ తేదీకి ఇంకా మూడు వారాలు నిండలేదు. అంటే ఆ రోజున తీసిన ఫిల్ము మచ్చ ఉందని చెప్పినా అది కొత్త సమాచారం కాదు.

ఈ దశలో జబ్బు తిరగబెట్టిందా లేదా అన్నది తేల్చేది ఫిల్ము కాదు, మనిషి. జ్వరం తిరిగి రాకపోవడం, అన్నం తినడం మంచి గుర్తులే. వాటికి రెండు కొలతలు చేర్చండి. మొదటిది ఊపిరి లెక్క. ఆయన పడక మీద తీరికగా పడుకుని ఉన్నప్పుడు, లెక్కపెడుతున్నానని చెప్పకుండా, పొట్ట లేచి దిగడాన్ని గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కించండి. చెబితే ఊపిరి తీరు మారిపోతుంది, పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే లెక్క తప్పుతుంది. ఇరవై లోపుంటే నిశ్చింత, ఇరవై నాలుగు దాటి అలాగే ఉంటే ఆసుపత్రికి ఫోను చేయాలి, ముప్పైకి చేరితే ఇంట్లో ఉంచకూడదు. రెండోది వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు. చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచి, గోరింటాకు లేని వేలికి పెట్టి, అంకె నిలకడగా నిలిచేదాకా ఆగి చదవండి. 94 అంతకు మించి ఉంటే సరే. 92 కన్నా తగ్గితే వైద్యుడికి చెప్పాలి. 90 కన్నా తగ్గితే ఇక ఫోనుతో ఆగకుండా బయలుదేరాలి. పెద్దవారి విషయంలో ఇంకొక మాట. నిమోనియా తిరగబెట్టినప్పుడు వాళ్ళకు జ్వరం రాకపోవచ్చు. మాట తడబడటం, రాత్రిపూట ఎక్కడున్నామో తెలియకపోవడం, ఉన్నట్టుండి అన్నం ముట్టకపోవడం, బాత్‌రూముకు వెళ్తూ తూలిపడటం, ఇవే మొదటి సూచనలు కావచ్చు. ‘వయసు మీద పడింది’ అని వాటిని పక్కన పెట్టకండి.

నీరసం, కొద్దిపాటి దగ్గు మాత్రం ఈ సమయానికి ఉండేవే. మామూలుగా నాలుగు వారాలకు ఛాతీ నొప్పి, తెమడ బాగా తగ్గుతాయి, ఆరు వారాలకు దగ్గు, ఆయాసం తగ్గుతాయి, మూడు నెలలకు నీరసం తప్ప తక్కినవి పోతాయి, పూర్వపు ఓపిక రావడానికి ఆరు నెలలు పట్టవచ్చు.

ఈ కొలతలన్నీ సవ్యంగా ఉంటే, ఫిల్ములో మచ్చ ఉందన్న ఒక్క కారణంతో లివోఫ్లాక్సాసిన్ వాడవలసిన పని లేదని నా అభిప్రాయం. అయితే దీన్ని ఆ డాక్టరు గారికి చెప్పకుండా మీరే మానేయవద్దు. డిశ్చార్జి కాగితం, ఆసుపత్రిలో తీసిన ఫిల్ము, 24వ తేదీ ఫిల్ము మూడూ తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టండి. ఆయన చూసింది బహుశా ఒక్క కొత్త ఫిల్మునే అయి ఉంటుంది. పాతదాన్ని పక్కన పెట్టి చూస్తే, మచ్చ ఉందా అన్న ప్రశ్న పోయి, తగ్గిందా పెరిగిందా అన్న ప్రశ్న వస్తుంది. అసలు అడగవలసిన ప్రశ్న అదే.

ఆ మందు గురించి నా సంకోచానికి మూడు కారణాలున్నాయి. మొదటి రెండూ చిన్నవి. ఈ జాతి మందులు అరవై దాటినవారిలో మడమ వెనక ఉండే స్నాయువు వాచి తెగే ప్రమాదాన్ని పెంచుతాయి. షుగరు మాత్రలు వాడేవారిలో, ముఖ్యంగా గ్లిమిపిరైడ్ లాంటివి వాడేవారిలో, షుగరు ఒక్కసారిగా పడిపోయేలా చేయగలవు. మూడో కారణం మన ప్రాంతానికి, మీ నాన్నగారికి బాగా సంబంధించినది. లివోఫ్లాక్సాసిన్ క్షయ మీద కూడా కొంత పనిచేస్తుంది, కానీ ఒంటరిగా ఏడు రోజులు వాడితే క్షయను నయం చేయలేదు. దగ్గు కొంత తగ్గుతుంది, తెమడలో సూక్ష్మజీవులు దొరకవు, రోగ నిర్ధారణ వారాలపాటు వెనక్కి పోతుంది, పైగా ఆ సూక్ష్మజీవులు మందుకు అలవాటుపడే అవకాశమూ ఉంటుంది. క్షయ మచ్చ ఊపిరితిత్తి పై భాగంలోనే వస్తుందని చాలామంది అనుకుంటారు. షుగరు ఉన్నవారిలోను, వృద్ధులలోను అది కింది భాగంలో కూడా వచ్చి మామూలు నిమోనియాలా కనిపిస్తుంది.

కాబట్టి ఏ కొత్త యాంటీబయాటిక్ మొదలుపెట్టాలన్నా, దానికి ముందు తెమడ పరీక్ష జరగాలి. మన దేశంలో రెండు వారాలు దాటిన దగ్గుకు ఈ పరీక్ష చేయించడం క్షయ నిర్మూలన కార్యక్రమంలో మొదటి మెట్టు, మీ నాన్నగారి దగ్గు ఆ హద్దు దాటింది. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో దీన్ని ఉచితంగా చేస్తారు. ‘సీబీనాట్’ లేదా ‘ట్రూనాట్’ అని అడగండి. క్షయ ఉందా అన్నదే కాక, ప్రధాన మందైన రిఫాంపిసిన్‌కు లొంగుతుందా అన్నది కూడా ఇది చెబుతుంది. పొద్దున్నే పళ్ళు తోముకోకముందే నోరు నీళ్ళతో పుక్కిలించి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదిలి, ఛాతీ లోతుల నుంచి దగ్గి డబ్బాలో పట్టమనండి. డబ్బాలో నురగగా, నీళ్ళగా తేలేది ఉమ్మి, దానితో పరీక్ష చేసి లాభం లేదు. చిక్కగా సాగేది తెమడ. అసలు తెమడే రాకుండా పొడిదగ్గు మాత్రమే ఉంటే ఆ మాట వైద్యుడికి చెప్పండి.

ఇక ఆ చివరి వాక్యం. నేను ఛాతీ వైద్యుడిగా ఎన్నో డిశ్చార్జి కాగితాలు రాశాను, అంతకన్నా ఎక్కువ చదివాను. ‘అడ్వైజ్డ్’ అన్న మాట వాటి నిండా ఉంటుంది. చిన్నప్పుడు వ్యాకరణంలో కర్త, కర్మ, క్రియ అని చదువుకున్నాం కదా, ఈ వాక్యానికి కర్త లేడు. ఎక్స్‌రే ఎవరు తీయించాలి, ఏ తేదీన, ఎవరు చూడాలి, తేటపడకపోతే ఏం చేయాలి, వీటిలో ఒక్కదానికీ అందులో జవాబు లేదు. ఆసుపత్రివాళ్ళు తమ పని అయిందనుకుంటారు, ఇంటివాళ్ళు వాళ్ళే పిలుస్తారనుకుంటారు, కాగితం బీరువాలోకి చేరుతుంది. ఒకసారి నేనే అలాంటి వాక్యం రాసి పంపిన పెద్దాయన ఎనిమిది నెలల తర్వాత రక్తపు జీరలతో దగ్గుతూ వచ్చారు. ఆయన కొడుకు సంచిలోంచి తీసిన కాగితం మీద ఉన్నది నా సంతకమే. ఆ తర్వాత నుంచి నేను వారాలు రాయను, తేదీ రాస్తాను.

మీ నాన్నగారి విషయంలో ఆ తేదీ ఆగస్టు 25. జూలై 14 నుంచి ఆరు వారాలు లెక్కిస్తే వచ్చేది అదే. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, అంతకన్నా ముందే మాత్రం తీయించకండి.

మనిషి బాగుపడ్డాక కూడా ఈ ఫిల్ము దేనికంటే, నిమోనియా ఎంత తగ్గిందో చూడటానికి కాదు, దాని వెనక ఇంకేదైనా దాక్కుని ఉందేమో చూడటానికి. ఊపిరి గొట్టంలో గడ్డ పెరిగి దారి మూసుకుపోతే దాని వెనక భాగంలో తెమడ నిలిచి నిమోనియా వస్తుంది. మందుకు నిమోనియా తగ్గుతుంది, గడ్డ మాత్రం అలాగే ఉంటుంది. లేదా ఆ మొదటి ఫిల్ములో గడ్డ ఉన్నా నిమోనియా తెలుపులో కలిసిపోయి కనిపించదు. ఇది అరుదు. నిమోనియాతో చేరిన పెద్దవారిలో తర్వాతి కొద్ది నెలల్లో ఊపిరితిత్తుల క్యాన్సరు బయటపడేది నూటికి ఒకరిద్దరిలోనే. అందుకే త్వరగా కోలుకున్న ప్రతివారికీ ఫిల్ము అక్కర్లేదని 2019లో వచ్చిన అమెరికా మార్గదర్శకాలు అంటాయి. లక్షణాలు మిగిలి ఉన్నవారికి, పొగతాగేవారికి, యాభై దాటినవారికి సుమారు ఆరు వారాలకు తీయించాలని బ్రిటన్ వైద్యుల మార్గదర్శకాలు అంటాయి. రెండింటికీ మధ్య తేడా కనిపించినంత పెద్దది కాదు, ఎందుకంటే అమెరికావాళ్ళు కూడా పొగ అలవాటు బాగా ఉన్నవారిని విడిగా చూడమంటారు.

అందువల్ల మీరు ఉత్తరంలో రాయని సంగతి ఒకటి నేను అడగాలి. మీ నాన్నగారికి చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటు ఎప్పుడైనా ఉండేదా? డిశ్చార్జి కాగితంలో ‘పర్సనల్ హిస్టరీ’ అన్న చోట ఏముందో చూడండి. ఆయాసంతో ఉన్న మనిషిని అర్ధరాత్రి డ్యూటీ డాక్టరు ‘పొగ తాగుతారా?’ అని అడిగితే, పదేళ్ళ కిందట మానేసిన మనిషి నిజాయితీగానే ‘లేదండి’ అంటాడు, కాగితం మీద ‘నాన్ స్మోకర్’ అని పడుతుంది. నలభై ఏళ్ళు రోజుకు పది చుట్టలు కాల్చి మానేసిన మనిషికీ, జన్మలో ముట్టని మనిషికీ ఆ కాగితం మీద తేడా ఉండదు. ఎన్నేళ్ళు, రోజుకెన్ని, ఎప్పుడు మానేశారు, ఈ మూడూ పెద్దాయనను నెమ్మదిగా అడిగి కాగితం వెనక రాసి పెట్టండి. మిర్చి యార్డు పని కూడా రాయండి. మిరప ఘాటు ఊపిరి గొట్టాలను రేపి దగ్గు, ఆయాసం తెప్పిస్తుంది కాబట్టి, దగ్గు ఎందుకు తగ్గలేదో ఆలోచించే వైద్యుడికి అది పనికొచ్చే సమాచారం. పొగాకుతో సమానమైన అనుమానం మాత్రం దాని మీద పెట్టుకోనవసరం లేదు.

ఫిల్ము తీయించేటప్పుడు ఒక జాగ్రత్త. ఆసుపత్రిలో చేరిన రోజు మీ నాన్నగారిని నిలబెట్టలేక మంచం మీదే యంత్రం తెచ్చి తీసి ఉంటారు. కిరణాలు ముందు నుంచి వెనక్కి వెళ్ళే ఆ ఫిల్మును ‘ఏపీ’ అంటారు. అందులో గుండె ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది, ఊపిరి పూర్తిగా పీల్చలేకపోవడంతో ఊపిరితిత్తుల కింది భాగం నొక్కుకుపోయి మసకగా ఉంటుంది. 25న తీసేది నిలబెట్టి, ఛాతీని పలకకు ఆనించి, వెనక నుంచి తీసే ‘పీఏ’ ఫిల్ము కావాలి. ‘గట్టిగా పీల్చి బిగపట్టండి’ అన్నప్పుడు ఆయనకు వినిపించిందో లేదో మీరు పక్కనుంచి చూసుకోండి. వినికిడి తగ్గిన పెద్దవారి ఫిల్ములు ఈ ఒక్క కారణంతోనే చాలా పాడవుతాయి, సగం ఊపిరితో తీసిన ఫిల్ములో లేని మచ్చ కూడా ఉన్నట్టు అనిపిస్తుంది. రిపోర్టుల అక్షరాలను పోల్చి లాభం లేదు, ఫిల్మును ఫిల్ముతోనే పోల్చాలి. ఆసుపత్రి నుంచి మీకు ఫిల్ము ఇవ్వకపోతే సీడీ గాని, ఫోనులోకి అసలు బొమ్మ గాని అడిగి తీసుకోండి. దీపం ముందు పట్టుకుని ఫోనులో తీసిన ఫోటో పనికిరాదు.

ఆ రోజు మూడింటిలో ఒకటి జరుగుతుంది. పూర్తిగా తేటపడితే ఈ కథ అంతటితో అయిపోయినట్టే. మచ్చ బాగా చిన్నదై, ఆయన బరువు పెరుగుతూ కులాసాగా ఉంటే, మళ్ళీ ఆరు వారాలు ఆగి, అంటే అక్టోబరు మొదటి వారంలో, ఇంకొక ఫిల్ము తీయించడం సబబు. వయసు, షుగరు రెండూ తోడై ఆలస్యం చేస్తాయని ఇందాకే చూశాం. మచ్చ అలాగే ఉన్నా, పెరిగినా, ఆ భాగం ముడుచుకుపోయినట్టు కనిపించినా, తెమడలో రక్తపు జీర, తగ్గిపోతున్న బరువు, మారిన గొంతు లాంటివి ఉన్నా ఇక ఎదురుచూపు తగదు. అప్పుడు ఛాతీ సీటీ స్కాన్ కావాలి, దాన్నిబట్టి బ్రాంకోస్కోపీ, అంటే సన్నని గొట్టంతో లోపలికి చూసి ముక్క తీయడం, అవసరపడవచ్చు. ఈ మూడో దారిలో వెళ్ళవలసి వస్తే మళ్ళీ ఒక యాంటీబయాటిక్ వాడి చూద్దామన్న సలహాకు లోబడకండి. నెలలు వృథా అయ్యేది ఎక్కువగా అక్కడే.

టీకాల దగ్గరికి వస్తే, ఒకసారి వచ్చింది కదా అన్న మీ సందేహం న్యాయమైనదే. మశూచి, తట్టు వంటి జబ్బుల విషయంలో మన పెద్దల అనుభవం అలాంటిది. నిమోనియా ఒకే సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు కాదు. వాటిలో ప్రధానమైన న్యూమోకాకస్‌లోనే వందకు పైగా రకాలున్నాయి. మీ నాన్నగారికి ఈసారి వచ్చింది దానివల్లేనో కాదో చాలాసార్లు తేలదు, తేలినా ఒక రకం మీద వచ్చిన రక్షణ మరో రకానికి పనికిరాదు. పైగా ఒకసారి నిమోనియాతో ఆసుపత్రిలో చేరిన వృద్ధుడికి మళ్ళీ వచ్చే అవకాశం తోటివారికన్నా ఎక్కువ. కనుక ఆయనకు అవసరం తగ్గలేదు, పెరిగింది.

అయితే టీకా వేయిస్తే ఇక నిమోనియా రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. నెదర్లాండ్స్‌లో 65 దాటిన సుమారు 84 వేల మందిపై చేసి 2015లో ప్రకటించిన పరిశోధనలో, 13 న్యూమోకాకస్ రకాల మీద పనిచేసే టీకా ఆ రకాల వల్ల వచ్చే నిమోనియాను దాదాపు సగానికి, అవి రక్తంలోకి పాకే ప్రమాదకరమైన జబ్బును నాలుగింట ఒక వంతుకు తగ్గించింది. అన్ని కారణాల నిమోనియానూ కలిపి లెక్కిస్తే మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. టీకా నుంచి ఆశించవలసింది అంతే, అది చిన్నదేమీ కాదు.

షాపులో చెప్పిన రెండు రకాల మధ్య తేడా అంకెల్లో లేదు. 23 పెద్దది, 13 చిన్నది కాబట్టి పెద్దదే మేలని చాలామంది కొనేస్తారు. 23 రకాల టీకాలో ఉన్నది సూక్ష్మజీవి పైపొరలోని చక్కెర పదార్థం మాత్రమే, దానివల్ల వచ్చే రక్షణ కొన్నేళ్ళలో తరిగిపోతుంది. రెండో జాతిని కాంజుగేట్ టీకా అంటారు. ఇందులో ఆ చక్కెరను ఒక ప్రొటీనుకు అతికిస్తారు, దానితో శరీరానికి ఆ శత్రువు గుర్తుండిపోతుంది. ఇది 13 రకాలదిగా, 15 రకాలదిగా, 20 రకాలదిగా వచ్చింది. ముందు వేయించవలసింది కాంజుగేట్ టీకానే. 20 రకాలది దొరికితే ఒక్క డోసుతో పని పూర్తి. 13 గాని 15 గాని వేయిస్తే, ఏడాది గడిచాక 23 రకాలది వేయించాలి. రెండూ ఒకే రోజు వేయించకూడదు. ఎవరైనా పొరపాటున 23 రకాలది ఇప్పటికే వేసి ఉంటే, కాంజుగేట్ టీకాకు ఏడాది ఆగాలి. కాగితం మీద ఉత్త ‘నిమోనియా టీకా వేశాం’ అని రాస్తే వచ్చే చిక్కు ఇదే. ఏడాది తర్వాత ఏది వేయాలో ఎవరికీ తెలియదు. టీకా పూర్తి పేరు, బ్యాచ్ నంబరు, తేదీ, ఏ చేయి అన్నవి రాయించుకోండి. సీసా మీదో సిరంజి మీదో అంటించిన స్టిక్కరును ఊడదీసి కాగితం మీద అతికించమంటే ఈ రాత కూడా అక్కర్లేదు.

ఫ్లూ టీకా వేరు, అది ఏటా వేయించాలి. ఫ్లూ వైరస్ ఊపిరి గొట్టాల లోపలి పొరను దెబ్బతీసి వెళ్తే, వెనకే న్యూమోకాకస్ వచ్చి తిష్ఠ వేస్తుంది. మన దగ్గర ఫ్లూ వానాకాలంలో ఒకసారి, చలికాలంలో మరోసారి విజృంభిస్తుంది కాబట్టి, వచ్చే ఏడాది నుంచి మే నెలాఖరుకు ముందే వేయిస్తే మంచిది. ఈ ఏడాది మాత్రం వెంటనే వేయించండి, రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది.

ఈ రెండు టీకాలకూ ఆగస్టు 25 దాకా ఆగనవసరం లేదు. జ్వరం పోయి, తిండి తింటున్న మనిషికి ఇవి వేయవచ్చు. యాంటీబయాటిక్ వాడి ఉండటం అడ్డంకి కాదు. ఒకే రోజు ఒకటి కుడిచేతికి, ఒకటి ఎడమచేతికి వేయించవచ్చు. మర్నాడు చేయి నొప్పి, కాస్త ఒళ్ళు వెచ్చబడటం ఉంటే పారాసెటమాల్ చాలు, దాన్ని నిమోనియా తిరగబెట్టిందని భ్రమపడకండి. అయితే ఆ జ్వరం రెండు రోజులు దాటినా, ఊపిరి లెక్క పెరిగినా అది టీకా జ్వరం కాదు. గుండె కోసం రక్తం పలచబడే మందు వాడుతుంటే ముందే చెప్పండి, సన్నని సూది వాడి, రుద్దకుండా రెండు నిమిషాలు నొక్కిపెడతారు. ఇంకొకటి, టీకాను షాపులో కొని స్కూటరు మీద క్లినిక్‌కు తీసుకెళ్ళకండి. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మన ఎండకు పాడవడం అందరికీ తెలుసు, గట్టి ఐసుకు నేరుగా తగిలి గడ్డకట్టినా పాడవుతుందన్నది తెలిసినవారు తక్కువ. ఫ్రిజ్‌లో నిలవ ఉంచే క్లినిక్‌లోనే వేయించండి. పసిపిల్లలకు ప్రభుత్వం న్యూమోకాకల్ టీకాను ఉచితంగా ఇస్తుంది కాని పెద్దలకు ఇవ్వదు, ఖర్చు మీరే పెట్టుకోవాలి. రెండూ ఒకేసారి భారమైతే ముందు ఫ్లూ టీకా వేయించి, నిమోనియా టీకాను ఒక నెల ఆగి వేయించినా తప్పు లేదు.

డిశ్చార్జి కాగితాన్ని దిద్దించుకునే హక్కు మీకుంది. డిశ్చార్జి అయిన రెండు వారాలకు చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఆ చివరి వాక్యం కింద వైద్యుడి చేత నాలుగు మాటలు రాయించండి. వాళ్ళు ఇంగ్లీషులో రాస్తారు, తెలుగులో నేనైతే ఇలా రాసేవాణ్ణి:

‘కుడి ఊపిరితిత్తి కింది భాగంలో నిమోనియా. సూదిమందులు, మాత్రలు కలిపి ఇన్ని రోజులు, పేర్లు ఇవి, లివోఫ్లాక్సాసిన్ వాడలేదు. తెమడలో క్షయ పరీక్ష ఫలితం ఇది. ఇంటికి పంపిన రోజున ఆక్సిజన్ గాలిలో ఇంత, ఊపిరి నిమిషానికి ఇంత. పొగ అలవాటు ఇన్నేళ్ళు, మానేసి ఇన్నేళ్ళు. ఆగస్టు 25న నిలబెట్టి తీసిన పీఏ ఫిల్ముతో కుమారుడు మా ఓపీకి తీసుకురావాలి. పాత ఫిల్ముతో పోల్చి చూడవలసిన బాధ్యత మాది. తేటపడకపోతే సీటీ. ఫ్లూ టీకా, కాంజుగేట్ న్యూమోకాకల్ టీకా వేసిన తేదీలు ఇవి. తర్వాతి డోసు ఉంటే దాని తేదీ ఇది.’

ఇందులో ‘ఇంటికి పంపిన రోజున’ అన్న అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి కాని, రేపు మీ నాన్నగారికి అర్ధరాత్రి ఆయాసం వచ్చి మీరు వేరే ఆసుపత్రికి పరుగెత్తితే, అక్కడి డ్యూటీ డాక్టరు మొదట వెతికేది వాటినే. ఆక్సిజన్ 91 అన్నది ఆయనకు మామూలా, కొత్తగా పడిపోయిందా అన్నది ఆ ఒక్క వరుస చెబుతుంది. ఆ కాగితాన్ని బీరువాలో పెట్టకుండా, మీ ఫోనులో ఒక బొమ్మ తీసి ఉంచుకుని, అసలుదాన్ని షుగరు మాత్రల డబ్బా పక్కన పెట్టండి.